భూతద్దం బాబాయి కళ్ళనీళ్ళు

మా ఫ్యాక్టరీలో ఆయన్ని పేరు పెట్టి పిలిచినవాళ్ళు నాకు తెలిసి ఎవరూ లేరు. పెద్దవాళ్ళకి భూతద్దం, మాలాంటివాళ్ళకి భూతద్దం బాబాయి. ఆయన బల్ల సొరుగులో ఒక భూతద్దం ఉండేదిగానీ దాన్ని బయటికి తియ్యడం నేను చూసింది తక్కువ. దాని అవసరం లేకుండానే మాకెవరికీ కనపడనిది ఆయనకి కనపడేది కాబట్టి ఆ పేరు.

మేం చేసేది బేరింగు రింగులు. బేరింగులో బయటొక ఉక్కు రింగు, లోపలొక ఉక్కు రింగు ఉంటాయి, మధ్యలో గుండ్లు తిరుగుతాయి. గుండ్లు పెట్టి బిగించే పని వేరే కంపెనీది, రింగులు మావి. గుండ్లు దొర్లే చోట రింగుకి ఒక గాడి ఉంటుంది. దాన్ని సానపట్టి, మెరుగుపెట్టి అద్దంలా చేస్తారు. ఆ అద్దం మీద వెంట్రుకంత గీత ఉన్నా, సూదిమొనంత తుప్పు చుక్క ఉన్నా గుండు దాని మీంచి పోయిన ప్రతిసారీ కొట్టుకుంటుంది. ముందు మోత మొదలవుతుంది, తర్వాత బేరింగే పోతుంది. అందుకని రింగులు డబ్బాల్లోకి వెళ్ళేముందు ఒక మనిషి ఒక్కొక్కటీ చేత్తో పట్టుకుని చూడాలి. ఆ మనిషి మా బాబాయి. ఆయన చూసి పక్కన పెట్టినవి నూనె కాగితంలో చుట్టి డబ్బాల్లో సర్దేదాన్ని నేను. మా ఇద్దరి బల్లలకీ మధ్య ఒక చక్రాల బండి పట్టేంత దూరం.

ఆయన ఈ ఫ్యాక్టరీకి మెషిన్లు తుడిచే పనికి వచ్చాడట. తుడుస్తూ తుడుస్తూ "అయ్యా, దీనికి గీత పడింది" అని రింగు తీసి చూపించేవాడట. నాలుగైదుసార్లు చూశాక అప్పటి ఫోర్‌మ్యాన్ చీపురు లాక్కుని కుర్చీలో కూర్చోబెట్టాడు. ఇక ఆ కుర్చీలోనే జుట్టు నెరిసింది.

మాటల మనిషి కాదు. ఆ లోటు పిన్ని తీర్చేది. వాళ్ళింట్లో మాటల శాఖ ఆవిడది, వినే శాఖ ఆయనది. పొద్దున గేటు దాకా కూడా వచ్చి మాట పూర్తిచేసుకుని వెళ్ళేది. "మీ బాబాయికి నేను చెప్పిందంతా వినపడిందో లేదో సాయంత్రం అడిగి చెప్పవే" అని నాతో అనేది. అడిగితే ఆయన తలూపేవాడు. పిల్లల్లేరు. పిన్నికి ఒక చెల్లెలు ఉంది, రెండు వీధులవతల టైలరు షాపు నడుపుతుంది. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకంటే, "మా అక్క చేసుకుని ఏం బావుకుంది? మా బావ నోట్లోంచి మాట రావాలంటే ముహూర్తం పెట్టాలి" అనేది. నోరు పెద్దదేగానీ అక్కంటే ప్రాణం. ముగ్గురూ కలిసి తినని ఆదివారం ఉండేది కాదు.

ఒకరోజు పొద్దున పిన్ని డాబా మీద బట్టలు ఆరేస్తూ కూలబడింది. ఆస్పత్రికి తీసుకెళ్ళేసరికే అంతా అయిపోయింది.

మేమంతా వెళ్ళాం. బాబాయి వరండాలో కుర్చీలో కూర్చుని ఉన్నాడు. వచ్చినవాళ్ళకి కుర్చీలు చూపిస్తున్నాడు, మంచినీళ్ళు కావాలా అని అడుగుతున్నాడు. కంట్లో చుక్క లేదు. మరదలు గుండెలు బాదుకుని ఏడ్చింది. ఏడ్చి ఏడ్చి లేచి ఆయన ముందు నిలబడి, అందరూ వింటుండగా, "రాయికైనా చెమ్మ పడుతుంది బావా. మా అక్క నీకేం తక్కువ చేసింది?" అంది.

ఆయన ఆమె వంక చూసి, "నువ్వు పొద్దుట్నించీ ఏమీ తినలేదు కదా" అన్నాడు.

ఆ మాటతో ఆమె ఇంకా మండిపోయింది. ఆ తర్వాత కొన్ని వారాలు ఆ గడప తొక్కలేదు.

నాకూ ఆశ్చర్యమే. కానీ ఆ రోజు ఆయన చెయ్యి పట్టుకున్నాను. చన్నీళ్ళలో ముంచి తీసినట్టుంది. మనిషి అక్కడ ఉన్నాడుగానీ లోపల్నుంచి గడియ పెట్టుకున్నట్టు ఉన్నాడు.

ఆయన సెలవులో ఉన్నప్పుడే మా తనిఖీ గదికి కొత్త లైట్లు పెట్టారు. పాతవి కరెంటు తింటున్నాయని, మసకేస్తున్నాయని మా సూపర్‌వైజరు పైవాళ్ళతో కొట్లాడి తెప్పించాడు. పాత ఏర్పాటు ఎలా ఉండేదంటే, బాబాయి బల్లకి ఎదురుగా కొంచెం పైన రెండు ట్యూబులు, వాటికి అడ్డంగా పాలరంగు ప్లాస్టిక్ రేకు. పసుపెక్కి, ఒక మూల పగిలి, చూడ్డానికి దరిద్రంగా ఉండేది. అదంతా పీకేసి సీలింగుకి వరసగా ఎల్ఈడీ పట్టీలు బిగించారు. వాటికి మూతల్లేవు, తలెత్తితే గింజల్లాంటి దీపాలు ఒక్కొక్కటీ కంట్లో గుచ్చుకునేవి. గది శుభ్రంగా కనపడాలని బల్లలకి నిగనిగలాడే తెల్లరంగు కూడా వేయించాడు. "చూడమ్మా, ఆపరేషన్ థియేటర్‌లా లేదూ?" అని మురిసిపోయాడు. నిజంగానే అలా ఉంది. "బాబాయి వచ్చి చూస్తే సంతోషిస్తాడు" అనుకున్నాం.

ఆయన వచ్చాడు. పైకి ఒకసారి చూశాడు, కుర్చీ లాక్కుని కూర్చున్నాడు, రింగు చేతిలోకి తీసుకున్నాడు.

నాలుగు రోజులు గడిచేసరికి మేం గమనించాం. బాబాయి ఎడమచేత్తో రింగు తిప్పుతూ కుడిచెయ్యి నుదుటికి అడ్డం పెట్టుకుంటున్నాడు. ఎవరో దూరాన్నుంచి వస్తుంటే చూసేవాళ్ళలా. మధ్యాహ్నానికి కళ్ళు ఎర్రబడేవి. సాయంత్రానికి నీళ్ళు కారేవి. భుజంతో తుడుచుకునేవాడు. టీ తాగేటప్పుడు కణతలు నొక్కుకునేవాడు.

"పాపం, ఇంట్లో ఏడవలేక ఇక్కడ ఏడుస్తున్నాడు" అంది గ్రైండింగులో పనిచేసే ఆవిడ. "చెయ్యి అడ్డం పెట్టుకునేది మనం చూడకూడదని."

మాకందరికీ అదే సబబనిపించింది. ఆడవాళ్ళం ఆయన వెనక గొంతు తగ్గించి మాట్లాడుకోవడం మొదలుపెట్టాం. సూపర్‌వైజరు వచ్చి భుజం తట్టి పోయేవాడు. నేను ఒక సాయంత్రం టైలరు షాపుకి వెళ్ళి చెప్పాను. "చిన్నపిన్నీ, నువ్వు రాయి అన్నావుగానీ బాబాయి రోజూ బల్ల దగ్గర కూర్చుని కళ్ళనీళ్ళు పెట్టుకుంటున్నాడు."

ఆమె కుట్టడం ఆపింది. మిషను చక్రం మీద చెయ్యి అలాగే ఉంచి, "నిజమా?" అంది.

"నా కళ్ళతో చూశాను."

మర్నాడు మధ్యాహ్నం గేటు దగ్గర క్యారేజీ పట్టుకుని నిలబడి ఉంది. ఆయన బయటికి రాగానే ఆ ఎర్రటి కళ్ళు చూసింది, ఇక తిట్టడం మానేసింది. "నాకు తెలియక అన్నాను బావా" అంది. ఆయన క్యారేజీ అందుకుని, "దేనికి?" అన్నాడు. అది కూడా ఆమెకి బాధ దాచుకోవడంలాగే కనపడింది. ఆ రోజునుంచి మళ్ళీ రాకపోకలు మొదలయ్యాయి.

తర్వాత సరుకు వెనక్కి రావడం మొదలైంది.

మొదట ఒక లాటు. గాడిలో గీతలున్నాయని, బిగించిన బేరింగులు మోతపెడుతున్నాయని. వచ్చిన డబ్బాలు విప్పి కిటికీ దగ్గరికి పట్టుకెళ్ళి చూస్తే నాకే కనపడ్డాయి గీతలు. బాబాయి చేతిలోంచి వెళ్ళిన రింగులు అవి. సూర్యుడు దారి తప్పాడంటే నమ్ముతానుగానీ ఆయన గీత వదిలేశాడంటే నమ్మను. తర్వాత ఇంకో లాటు వచ్చింది.

సూపర్‌వైజరు మంచివాడు. గట్టిగా అనలేదు. "పెద్దాయనా, ఇంకొన్నాళ్ళు ఇంటిపట్టున ఉంటారా?" అన్నాడు.

"ఇంట్లో ఏం చెయ్యను" అన్నాడు బాబాయి.

కంటి డాక్టరు దగ్గరికి పంపారు. చదువుకునే అద్దాలు సరిగ్గానే ఉన్నాయి, కంట్లో పొర లేదు, రోగం లేదు అని పంపేశాడు. అప్పుడు భద్రతా ఆఫీసునుంచి కొలతలమ్మ వచ్చింది. ఆవిడకి ఆ పేరు పెట్టింది మేమే. మెషిన్ల చప్పుడు, గాల్లో దుమ్ము, గదుల్లో వెలుతురు, ఏదో ఒకటి కొలుస్తూ కనపడుతుంది. సన్నగా, నెమ్మదిగా ఉంటుంది. చేతిలో చిన్న మీటరు, దానికి తీగ, తీగ చివర తెల్లటి బుడిపె. ఆ బుడిపె మీద పడిన వెలుతురుని అంకెలో చూపిస్తుంది. ఆ అంకెని లక్స్ అంటారని ఆవిడే చెప్పింది.

పద్ధతైన మనిషి. ముందు కిటికీల తెరలు దింపించింది, ఎండ కలవకూడదని. లైట్లు వేసి కాసేపు ఆగింది, నిలకడ పడాలని. బుడిపెని బల్ల మీద, సరిగ్గా రింగు పట్టుకునే ఎత్తులో పెట్టి, తన నీడ దాని మీద పడకుండా పక్కకి జరిగి అంకె చూసింది. బల్ల నాలుగు మూలలా, మధ్యలో, అలాగే చేసింది.

"పదహారు వందల పైనే ఉంది" అంది సూపర్‌వైజరుతో. "నడవాకి వంద చాలు. డబ్బాలు సర్దేచోట మూడు వందలు. ఇంత సన్నపు తనిఖీకి వెయ్యి ఉండాలి. మీ దగ్గర దానికి మించే ఉంది. ఒక మూల ఎక్కువ, ఒక మూల తక్కువ అని కూడా లేదు." తర్వాత బాబాయి వైపు తిరిగి, "కళ్ళకేమైనా ఇబ్బందిగా ఉందాండీ? చెదిరినట్టు, గుచ్చినట్టు?" అని అడిగింది.

నేను పక్కనే ఉన్నాను. ఆయన కాసేపు ఆలోచించి, "లేదమ్మా. లైట్లు బాగానే ఉన్నాయి" అన్నాడు.

"మరి పొరపాటు ఎక్కడ జరుగుతోంది?"

"నా దగ్గరే" అన్నాడు. తప్పు ఒప్పుకుంటున్నట్టు కాదు, టైమెంతైందో చెప్తున్నట్టు.

అలా లైట్లకి మార్కులొచ్చాయి, బాబాయికి రాలేదు. ఆయన్ని నా బల్లకి మార్చారు. ఆయన కుర్చీలోకి గ్రైండింగు ఆవిడ వచ్చింది. ఆమె కూడా సరుకు తెలిసిన మనిషే.

రింగులు చుట్టడం నేర్పాల్సిన పనేముంది. పక్కపక్కన కూర్చుని చుట్టేవాళ్ళం. నాకు సిగ్గుగా ఉండేది, ఒక సంగీతం మాస్టారి చేత కుర్చీలు సర్దించినట్టు. ఆయనకేమీ ఉన్నట్టు లేదు. కాగితం మడిచేవాడు, రింగు పెట్టేవాడు, మళ్ళీ మడిచేవాడు. ఒకసారి ధైర్యం చేసి అడిగాను, "బాధగా ఉందా బాబాయ్, ఇక్కడికి పంపినందుకు?"

"లేదమ్మాయ్. అసలు ఏదీ అలా ఉండటం లేదు" అన్నాడు.

"అంటే?"

"పళ్ళ డాక్టరు మత్తు సూది వేస్తాడు చూడు. బుగ్గ ఉందని తెలుస్తుంది, మనది అనిపించదు. అలా ఉంటోంది అన్నీ." మరో రింగు చుట్టాడు. "మీ పిన్ని పోయిందని తెలుసు. ఎవరింట్లోనో జరిగినట్టు తెలుసు."

ఆ తర్వాత చాలాసేపటికి, అడక్కుండానే, తనే అన్నాడు. "ఆ బల్ల దగ్గర ఉన్నప్పుడు మాత్రం కళ్ళనీళ్ళు వచ్చేవి. నాకు తెలియకుండానే. అప్పుడు కాస్త ఊరటగా ఉండేది. పైకి తెలియకపోయినా లోపల ఎక్కడో ఏడుస్తున్నానన్నమాట అని. గీతలు కనపడకపోవడం కూడా అందుకేనేమో, మనసు అక్కడ లేదేమో అనుకున్నా. పోనీలే, ఆవిడ కోసం అదైనా పోయింది అనిపించింది."

నేను కాగితాలు సర్దాను.

"ఇక్కడికొచ్చాక రావడం లేదు" అన్నాడు. "ఇంతేనేమో. అయిపోయిందేమో."

"అయిపోదు బాబాయ్, తగ్గుతుంది" అన్నాను. పెద్ద తెలిసినదాన్నిలా.

పక్క బల్లమీద గ్రైండింగు ఆవిడ రెండు వారాలు కూర్చుంది. ఆమె నోట్లో నువ్వుగింజ నానదు. ఒక మధ్యాహ్నం రింగు బల్లమీద టంగుమని పడేసి లేచింది. కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయి, చెంపల మీద తడి.

"నాకెవరూ చావలేదే!" అని అరిచింది.

గదంతా ఆగిపోయింది.

"మా ఇంట్లో అందరూ దుక్కల్లా ఉన్నారు. మా అత్తగారు కూడా గుండ్రాయిలా ఉంది. మరి నాకెందుకు ఈ ఏడుపు? పొద్దుగూకేసరికి తల పగిలిపోతోంది. పెద్దాయన్ని అన్నాం గానీ, అసలు ఈ కుర్చీలోనే ఏదో ఉంది!"

నవ్వబోయిన వాళ్ళు నవ్వలేదు. సూపర్‌వైజరు ఆమె ఏరిన రింగులు తెప్పించి కిటికీ దగ్గర చూశాడు. వాటిలోనూ గీతలున్నాయి. అప్పటికప్పుడు కొలతలమ్మకి ఫోన్ చేశాడు.

ఆవిడ ఈసారి మీటరు సంచిలోంచి తియ్యలేదు. ముందు వెళ్ళి ఆ కుర్చీలో కూర్చుంది. రింగు అడిగి తీసుకుని, ఎటు తిప్పి చూడాలో గ్రైండింగు ఆవిణ్ణి అడిగి, అలాగే తిప్పింది. తర్వాత చెయ్యి నుదుటికి అడ్డం పెట్టుకుంది. తీసింది. మళ్ళీ పెట్టింది. అచ్చం బాబాయిలాగే.

"చెయ్యి పెడితే హాయిగా ఉంది, తీస్తే లేదు" అంది. "పోయినసారి నేను నిలబడే చూశాను. కూర్చుని చూడాల్సింది." సంచిలోంచి చిన్న అద్దం తీసింది, చేతిలో పట్టేంత. రింగు పట్టుకునే చోట బల్ల మీద పెట్టి, "ఇలా రండి, ఒకరి తర్వాత ఒకరు కూర్చుని అద్దంలోకి చూడండి" అంది.

నేనూ కూర్చున్నాను. అద్దంలో మొహం కాదు, లైట్లు. పైనున్న వరస మొత్తం, ఒక్కొక్క గింజా కంట్లోకి సూటిగా. ఒక్క క్షణం చూసి తల తిప్పేసుకున్నాను.

"మీ రింగు కూడా అద్దమే కదా" అంది కొలతలమ్మ. "పైగా గాడి వంపుగా ఉంటుంది. ఎటు తిప్పినా ఏదో ఒక లైటు అందులో దొరుకుతుంది. ఆ మెరుపు ముందు సన్నగీత ఏం కనపడుతుంది? కన్ను మెరుపుకి సర్దుకుంటుంది, గీత మునిగిపోతుంది. దానికి తోడు బల్ల రంగు కూడా మెరుస్తోంది. నా మీటరు చెప్పేది బల్లమీద ఎంత వెలుగు పడుతోందనే. అక్కణ్ణుంచి కంటికి ఏం వస్తోందో అది చెప్పదు. కళ్ళు చెదరడానికి వేరే లెక్క ఉంది, ఆ లెక్కలో ఈ గది తప్పింది."

సూపర్‌వైజరు మొహం మాడిపోయింది. "ఎక్కువ వెలుతురైతే బాగా కనపడుతుందనుకున్నానమ్మా."

"గరుకు గుడ్డ మీదైతే కనపడేదేమో. ఇలా నున్నగా మెరిసేదానికి వెలుగు ఎక్కువుంటే చాలదు, వెడల్పుగా, మెత్తగా ఉండాలి. ముందు ఏముండేది ఇక్కడ?"

అందరం బాబాయి వైపు చూశాం. ఆయన నా బల్ల దగ్గరే కాగితం మడుస్తూ ఉన్నాడు.

"పాలరేకు ఉండేది" అన్నాడు. "దాని తెలుపు గాడి నిండా పరుచుకునేది. గీత ఉంటే నల్లగా కనపడేది, పాలల్లో వెంట్రుకలా."

ఆ వారంలోనే ఆ బల్లకి పైనున్న పట్టీలు తీసేశారు. బల్ల పొడుగునా పాలరంగు పలక ఉన్న వెడల్పాటి దీపం పెట్టారు. కూర్చున్నవాళ్ళ కళ్ళకి దాని లోపలి గింజలు కనపడకుండా, గాడిలో మాత్రం దాని తెలుపు పరుచుకునేలా కొలతలమ్మ ఎత్తూ వాలూ సరిచేయించింది. నిగనిగలాడే బల్ల మీద మెరవని బూడిదరంగు రబ్బరు పరిచారు. మళ్ళీ మీటరు పెడితే వెయ్యికి కాస్త అటూ ఇటూ వచ్చింది. ముందున్నదానికంటే బాగా తక్కువ.

"పెద్దాయనా, ఒకసారి కూర్చోండి" అన్నాడు సూపర్‌వైజరు.

వెనక్కొచ్చిన రింగులు కొన్ని మంచివాటితో కలిపి ఆయన ముందు పెట్టారు. ఆయన కూర్చుని ఒక్కొక్కటీ తిప్పాడు. తొందరలేదు, ఆలస్యం లేదు. చెడ్డవన్నీ ఎడమవైపుకి వెళ్ళాయి. ఇంకొకటి, మేం మంచిదనుకుని కలిపింది, అది కూడా ఎడమవైపుకే వెళ్ళింది. సూపర్‌వైజరు దాన్ని తిప్పి తిప్పి చూసి, "దీనికేముంది?" అన్నాడు. బాబాయి గోరుతో చూపించాడు. అంచు దగ్గర తుప్పు చుక్క.

గ్రైండింగు ఆవిడ చప్పట్లు కొట్టింది. అందరం కొట్టాం. సూపర్‌వైజరు ఆయన చెయ్యి పట్టుకుని, "మీ తప్పేం లేదు పెద్దాయనా. మిమ్మల్ని అనవసరంగా కదిపాను, మనసులో పెట్టుకోకండి" అన్నాడు. కళ్ళు చెమర్చింది సూపర్‌వైజరుకే.

"అలాగా" అన్నాడు బాబాయి.

అందరూ వెళ్ళాక కొలతలమ్మ తీగ చుట్టుకుంటోంది. బాబాయి ఆవిడ దగ్గరికి వెళ్ళాడు. ఆయన తనంతట తాను ఎవరి దగ్గరికైనా వెళ్ళి మాట్లాడటం నేను చూసింది అప్పుడే.

"అమ్మా, నా కళ్ళల్లో నీళ్ళు కారేవి. అదీ లైట్ల వల్లేనా?"

"అవునండీ. అంత మెరుపులో సన్నటిదేదో వెతుకుతూ గంటలకొద్దీ రెప్ప వెయ్యకుండా చూస్తే కళ్ళు మండి నీళ్ళొస్తాయి, ఎర్రబడతాయి. తలనొప్పి కూడా దానివల్లే. ఆవిడక్కూడా వచ్చాయిగా. ఇక రావు." మంచిమాట చెప్తున్నాననుకుని నవ్వింది.

"మొత్తం అవేనా? అన్నీ?"

ఆవిడ నవ్వు ఆగింది. ఈయన అడిగేది వేరే ఏదో అని తెలిసినట్టుంది. నా వైపు చూసింది. నేను తల దించుకున్నాను.

"అది నేను కొలవలేనండీ" అంది నెమ్మదిగా.

ఆయన తలూపి వెళ్ళి కుర్చీలో కూర్చున్నాడు.

ఆ సాయంత్రం ఆయనతో కలిసి టైలరు షాపుకి వెళ్ళాను. మరదలికి సంగతి తెలియాలి కదా, సంతోషిస్తుందనుకున్నాను. నేనే గడగడా చెప్పేశాను, లైట్లు, అద్దం, గ్రైండింగు ఆవిడ అరవడం, అంతా. ఆమె నవ్వింది కూడా. నవ్వుతూ నవ్వుతూ మధ్యలో ఆగింది.

"అంటే బావా, నువ్వు ఏడ్చింది అక్క కోసం కాదా?"

అప్పుడు నాకు తెలిసింది నేనేం చెప్పానో.

ఆయన స్టూలు మీద కూర్చున్నాడు. "నేనూ ఆవిడ కోసమే అనుకున్నాను" అన్నాడు. "కాదట."

"మరి?"

"మరి ఏమీ లేదు. వెతుకుతున్నాను. ఏమీ దొరకడం లేదు."

నాకు భయమేసింది, మళ్ళీ రాయి, రప్ప అంటుందని. ఆమె లేచి షాపు తలుపు సగం వేసింది. బయటి చప్పుడు తగ్గింది. వచ్చి ఆయన ఎదురుగా నేలమీద, గుడ్డముక్కల మధ్య కూర్చుంది.

"నేను రోజూ ఏడుస్తున్నాను. మిషను మీద కూర్చుంటే చాలు" అంది. "ఒక్కదాన్నే ఏడుస్తున్నాననే నీ మీద కోపం. నువ్వు కూడా ఏడుస్తున్నావని ఈ పిల్ల చెప్పగానే నాకు తోడు దొరికినట్టయింది. అంతే బావా. నిన్ను పరీక్షిస్తున్నాననుకోకు."

"నాకు రావడం లేదు."

"రాకపోతే పోనీ. నేను ఏడ్చేటప్పుడు పక్కన కూర్చుంటావా?"

"కూర్చుంటాను" అన్నాడు.

ఆమె అప్పుడే మొదలుపెట్టింది, చెంగు నోటికి అడ్డం పెట్టుకుని. ఆయన స్టూలు కాస్త ముందుకి జరుపుకుని కూర్చున్నాడు. ఓదార్చలేదు, చెయ్యి వెయ్యలేదు. లేచి వెళ్ళలేదు కూడా. నాకు అక్కడ పనిలేదనిపించి సగం వేసిన తలుపులోంచి బయటికొచ్చేశాను.

ఆ తర్వాత ఆయన రిటైరయ్యేదాకా ఆ కుర్చీలోనే పనిచేశాడు. సరుకు వెనక్కి రాలేదు. కొలతలమ్మ మా ఫ్యాక్టరీలో ఎక్కడ కొత్త లైటు పెట్టినా ముందు ఆయన్ని తీసుకెళ్ళి అక్కడ కూర్చోబెట్టేది. మొదటిసారి అడిగినప్పుడు "లైట్లు బాగానే ఉన్నాయి" అన్న మనిషి, తర్వాత "ఇక్కడ గుచ్చుతోందమ్మా" అని చెప్పడం నేర్చుకున్నాడు. నాకు తెలిసి తన ఒంటికి ఏదైనా ఇబ్బందిగా ఉందని ఆయన చెప్పింది అదొక్కటే.

నేను ఆయన్ని తర్వాత కూడా అప్పుడప్పుడూ చూసి వచ్చేదాన్ని. సాయంత్రాలు టైలరు షాపులోనే ఉండేవాడు, గుండీలు కుట్టిపెట్టేవాడు. మరదలు వాళ్ళక్క కబుర్లు చెప్పేది, నవ్వేది, ఒక్కోసారి ఏడ్చేది. ఆయన వినేవాడు. కన్నీళ్ళు ఆయనకి ఆ తర్వాతా రాలేదు. వచ్చి ఉంటే ఆమె నాకు చెప్పకుండా ఉండదు.

కిందటి వానాకాలంలో వెళ్ళినప్పుడు ఆమె లోపల ఏదో సర్దుతోంది. షాపులో ఆయనా నేనూ ఉన్నాం. ఉండబట్టలేక అడిగాను, "ఇప్పుడెలా ఉంది బాబాయ్? ఏమైనా అనిపిస్తోందా?"

ఆయన గుండీ దారం పళ్ళతో తెంపి, నిజంగానే ఆలోచించాడు.

"ఆకలేస్తోంది" అన్నాడు.

లోపల్నుంచి ఆమె వింది. "ఇన్నాళ్ళకి అడిగాడమ్మా నోరు తెరిచి!" అంటూ పళ్ళెం కడగడానికి వెళ్ళింది. ఆయన గుండీల డబ్బా మూత పెట్టి, చేతులు కడుక్కోవడానికి లేచాడు.